కాలేజీ ఫీజు తేదీకి నిధి సిద్ధం చేయడం: ఈక్విటీ నుంచి డెట్‌కు ఏటా ఎంత మార్చాలి

పిల్లల చదువు కోసం నెలనెలా సిప్ కడుతున్న తల్లిదండ్రులను ఆ డబ్బు ఏ నెలలో కావాలని అడిగితే, చాలామంది తేదీ చెప్పలేరు. ఇల్లు కొనడాన్ని ఒక ఏడాది వాయిదా వేసుకోవచ్చు, కారు కొనడాన్ని రెండేళ్లు వాయిదా వేసుకోవచ్చు. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చాక ఫీజు కట్టే గడువును మాత్రం మార్కెట్ పడిపోయిందని చెప్పి ఎవరూ పొడిగించరు. కాబట్టి ఈ లక్ష్యానికి మదుపు చేసేటప్పుడు ముందు తేదీని, తరువాత మొత్తాన్ని, ఆ తరువాతే ఫండును నిర్ణయించుకోవాలి. ఆ వరుసలో ఏం చేయాలో ఒక కుటుంబం లెక్కతో చూద్దాం.

గుంటూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న ఒక జంట ఉన్నారనుకోండి. వారి పాప 2018లో పుట్టింది, 2026 జూన్‌లో మూడో తరగతిలో చేరింది. పదో తరగతి 2034లో, ఇంటర్ 2036 వేసవిలో పూర్తవుతాయి. బీటెక్‌లో చేరితే మొదటి ఫీజు 2036 ఆగస్టు ప్రాంతంలో కట్టాలి. అంటే వారి చేతిలో పదేళ్ల సమయం ఉంది.

తేదీలు రాసుకోవడం

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, 2036ను ఒకే గడువుగా తీసుకోవడం. నిజానికి బీటెక్ ఫీజు నాలుగు విడతల్లో వస్తుంది: 2036, 2037, 2038, 2039 ఆగస్టుల్లో. నాలుగో ఏడాది ఫీజుకు పదమూడేళ్ల వ్యవధి ఉంది, మొదటి దానికి పదేళ్లే ఉంది. కాబట్టి ప్రతి ఫీజుకూ దాని గడువును విడిగా రాసుకోండి. ఈ నాలుగు తేదీలే మిగతా లెక్కంతటికీ ఆధారం.

ఇంటర్ కార్పొరేట్ కాలేజీ ఫీజును, ఎంట్రన్స్ కోచింగ్ ఖర్చును ఇందులో కలపకండి. అవి 2034, 2035లోనే వస్తాయి. వాటిని ఈ నిధి నుంచి తీస్తే, సరిగ్గా మొదటి ఫీజుకు ముందు నిధి చిక్కిపోతుంది. వాటికి చిన్న మొత్తమైనా సరే, వేరే ఖాతా పెట్టుకోవాలి. అలాగే పాప లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటే కాలేజీ ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది కదా అనుకొని గడువును ముందే పొడిగించుకోవద్దు. అన్నిటికన్నా ముందు రాగల తేదీనే పట్టుకోవాలి.

ఎంత కావాలో లెక్కించడం

మీరు అనుకుంటున్న స్థాయి కాలేజీలో ఈ ఏడాది చేరిన విద్యార్థి ట్యూషన్ ఫీజు, హాస్టల్, పరీక్ష రుసుములు, ల్యాప్‌టాప్ వంటివన్నీ కలిపి ఏడాదికి ఎంత కడుతున్నాడో అడిగి తెలుసుకోండి. కాలేజీ వెబ్‌సైటులో ట్యూషన్ ఫీజు ఒక్కటే కనిపించవచ్చు, హాస్టల్ ఖర్చు దానికి సమానంగా ఉన్న సందర్భాలూ ఉంటాయి. మన జంట కన్వీనర్ కోటా సీటు మీద ఆశ పెట్టుకోకుండా, ఫీజు రీయింబర్స్‌మెంటును లెక్కలోకి తీసుకోకుండా, ఏడాదికి 3 లక్షలు అని అనుకున్నారు. ఇది సరైన పద్ధతి. రాయితీ వస్తే మిగులుతుంది, రాకపోతే లోటు ఉండదు.

ఈ 3 లక్షలు ఏటా 8 శాతం చొప్పున పెరుగుతాయని అనుకుంటే, పదేళ్ల తరువాతి మొత్తాన్ని స్ప్రెడ్‌షీటులో ఇలా తెలుసుకోవచ్చు:

```
=300000*(1+8%)^10
```

జవాబు సుమారు 6.48 లక్షలు. చివరి 10 స్థానంలో 11, 12, 13 వేస్తే మిగతా మూడేళ్ల ఫీజులు వరుసగా 7 లక్షలు, 7.55 లక్షలు, 8.16 లక్షలు వస్తాయి. నాలుగూ కలిపితే 29 లక్షలు దాటుతుంది. అయితే ఇదంతా 2036 నాటికే చేతిలో ఉండనక్కరలేదు. తరువాతి మూడు ఫీజుల డబ్బు కట్టే రోజు వరకు 6 శాతం రాబడి తెస్తుందనుకుంటే, 2036 ఆగస్టులో ఉండవలసిన నిధి సుమారు 26.6 లక్షలు.

8 శాతం అన్నది అంచనా మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ఫీజులను రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నియంత్రణ కమిషన్ లేదా కమిటీ సాధారణంగా మూడేళ్ల బ్లాకుకు నిర్ణయిస్తుంది. అందువల్ల పెరుగుదల ఏటా కొంచెం కొంచెంగా కాకుండా మెట్లుమెట్లుగా వస్తుంది. రెండేళ్లు ఫీజు కదలలేదని మీ అంచనా తగ్గించుకోకండి. కొత్త బ్లాకు ఉత్తర్వు వచ్చిన ఏడాదే 3 లక్షల అంకెను తాజా చేసుకొని లెక్క మళ్లీ వేయండి. డీమ్డ్ విశ్వవిద్యాలయాలు మీ జాబితాలో ఉంటే వాటి ఫీజును ప్రతి ఏడాదీ విడిగా చూడాలి.

వాటా తగ్గించే సూత్రం

ఈక్విటీ, అంటే షేర్లలో పెట్టిన డబ్బు, ఎక్కువ కాలానికి ఎక్కువ రాబడి ఇవ్వగలదు, కానీ ఏ ఏడాది ఎలా ఉంటుందో చెప్పలేము. 2008 క్యాలెండర్ సంవత్సరంలో నిఫ్టీ 50 సూచీ సగానికి పైగా పడిపోయింది. 2009 ఆగస్టులో ఫీజు కట్టవలసినవారికి సూచీ అప్పటికి కొంత కోలుకున్నా, 2008 ఆరంభపు స్థాయికి ఇంకా చాలా దిగువనే ఉంది. 2020లో జనవరి మధ్య నుంచి మార్చి 23 వరకు, రెండు నెలల పైచిలుకులోనే, మూడో వంతుకు మించి పోయింది. ఆ పతనం ఎనిమిదేళ్ల ముందు వస్తే మీ సిప్‌కు యూనిట్లు చౌకగా దొరుకుతాయి. ఎనిమిది నెలల ముందు వస్తే మీ పాప సీటు ప్రమాదంలో పడుతుంది. ఈక్విటీ వాటాను ఏటా తగ్గించడానికి కారణం ఇదే.

నేను సూచించే నియమం చాలా సులువైనది. ఒక్కో ఫీజుకు ఇంకా ఎన్నేళ్లుందో చూసి, అందులోంచి 2 తీసివేసి, పదితో గుణించండి. వచ్చినదే ఆ ఫీజుకు సంబంధించిన డబ్బులో ఈక్విటీ శాతం. అది 60 దాటకూడదు, సున్నా కన్నా తగ్గకూడదు. మిగిలిన ఏళ్ల సంఖ్య A2 గడిలో ఉంటే సూత్రం ఇది:

```
=MIN(60, MAX(0, (A2-2)*10))
```

ఎనిమిదేళ్లు, అంతకు మించి ఉంటే 60 శాతం. ఐదేళ్లుంటే 30. మూడేళ్లుంటే 10. రెండేళ్లలోపు కట్టవలసిన ఫీజు డబ్బులో ఈక్విటీ అసలు ఉండదు. నాలుగు ఫీజుల నేటి విలువలు దాదాపు సమానం కాబట్టి, వాటి శాతాల సగటు తీసుకుంటే మొత్తం నిధికి కావలసిన ఈక్విటీ వాటా వస్తుంది. మన జంటకు 2026 నుంచి 2028 వరకు అది 60. 2029 ఆగస్టులో 57.5, 2030లో 52.5, 2031లో 45, 2032లో 35, 2033లో 25, 2034లో 15, 2035లో 7.5. గమనిస్తే మొదట నెమ్మదిగా, మధ్యలో వేగంగా దిగి, చివర మళ్లీ నెమ్మదిస్తుంది. నాలుగు గడువులను విడివిడిగా చూడడం వల్లే ఈ ఆకారం వచ్చింది.

చివర్లో ఇంత తగ్గిస్తే రాబడి పోతుంది కదా అన్న సందేహం సహజం. దాని ఖరీదు ఎంతో చూద్దాం. ఈక్విటీ 10 శాతం, డెట్ అంటే బాండ్లు, డిపాజిట్ల వంటి వడ్డీ మదుపులు పన్ను పోను 6 శాతం ఇస్తాయనుకుందాం. పై క్రమం ప్రకారం దిగుతూ 26.6 లక్షలు చేరడానికి, ఏటా 8 శాతం పెంచుకుంటూ పోయే సిప్ నెలకు సుమారు 11,100 రూపాయలతో మొదలు కావాలి. చివరి వరకు 60 శాతం ఈక్విటీలోనే ఉంటే అది సుమారు 10,500తో మొదలైతే చాలు. అంటే ఈ రక్షణకు ఆరంభంలో మీరు చెల్లిస్తున్నది నెలకు 600 రూపాయలు. దానికి ప్రతిఫలం ఏమిటంటే, 2034 ఆగస్టు తరువాత మార్కెట్ సగం పడిపోయినా, అప్పటి 18.7 లక్షల నిధిలో మీరు పోగొట్టుకునేది 1.4 లక్షలే. 60 శాతం ఈక్విటీ ఉంటే 5.6 లక్షలు పోయేవి. అది దాదాపు ఒక ఏడాది ఫీజు.

సిప్‌ను ఏటా పెంచడం వీలుకాదనుకునేవారు మొదటి నెల నుంచే సుమారు 15,300 కట్టవలసి ఉంటుంది. జీతం పెరిగే నెలలోనే సిప్ పెంచే ఏర్పాటు చేసుకోవడం మంచిది. ఈ సిప్ మీరు లేకపోయినా ఆగకూడదు. కాబట్టి సంపాదించే ఇద్దరికీ టర్మ్ బీమా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఎక్కడ పెట్టాలి

ఈక్విటీ భాగానికి తక్కువ ఖర్చుతో నడిచే ఒక ఇండెక్స్ ఫండ్ చాలు. నిఫ్టీ 50 లేదా నిఫ్టీ 100 మీద ఆధారపడిన డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి. ఒక ఫండు బాగా నడవలేదని ఇంకోదానికి మారుతూ ఉంటే ప్రతిసారీ పన్ను లెక్క మొదలవుతుంది, అసలు పని అయిన వాటా తగ్గింపు వెనక్కి పోతుంది.

డెట్ భాగం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలామంది డెట్ అనగానే అన్నీ భద్రమే అనుకుంటారు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను మూసివేస్తున్నట్లు ప్రకటించినప్పుడు, మదుపరులు తమ డబ్బు తీసుకోవడానికి వీల్లేకుండా నిలిచిపోయారు. తరువాత విడతలవారీగా సొమ్ము తిరిగి వచ్చినా, అందుకు నెలలు, ఏళ్లు పట్టింది. ఆ సంవత్సరమే ఫీజు ఉన్న కుటుంబానికి ఆలస్యం కూడా నష్టమే. కాబట్టి పేరులో క్రెడిట్ రిస్క్ అని ఉన్న పథకాలను ఈ లక్ష్యానికి వాడకండి. దీర్ఘకాలిక బాండ్లలో పెట్టే పథకాల విలువ వడ్డీ రేట్లు పెరిగినప్పుడు పడిపోతుంది కాబట్టి వాటినీ వదిలేయండి. మనీ మార్కెట్, లిక్విడ్ వంటి తక్కువ కాలపు పథకాలు, బ్యాంకు డిపాజిట్లు, పీపీఎఫ్ చాలు.

పీపీఎఫ్ మీకు ఇప్పటికే ఉంటే దాని తేదీ చూడండి. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి పదిహేనేళ్లు లెక్కించాలి. 2020-21లో తెరిచిన ఖాతా 2036 ఏప్రిల్ 1న పరిపక్వమవుతుంది. అంటే మన జంట మొదటి ఫీజుకు నాలుగు నెలల ముందు, పన్ను లేకుండా సొమ్ము అందుతుంది. ఇంతకన్నా చక్కగా కుదిరే డెట్ మదుపు దొరకదు. కొత్తగా ఇప్పుడు తెరిస్తే మాత్రం అది 2042కు గాని పూర్తి కాదు. మధ్యలో పాక్షికంగా తీసుకోవడానికే వీలుంటుంది.

ఆడపిల్ల కాబట్టి సుకన్య సమృద్ధి కూడా ఉంది. రాబడి బాగుంటుంది, పన్ను ఉండదు. అయితే ఖాతా తెరిచిన 21 ఏళ్లకే పూర్తిగా పరిపక్వమవుతుంది. చదువు కోసం, పాపకు 18 ఏళ్లు నిండాక లేదా పదో తరగతి పాసయ్యాక, అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం వరకే తీసుకోనిస్తారు. అందువల్ల సుకన్య ఖాతాలో 8 లక్షలుంటే ఈ లెక్కలో 4 లక్షలు మాత్రమే రాసుకోండి. మొత్తం రాసుకొని, డెట్ సరిపోయిందనుకొని కూర్చుంటే, కాలేజీలో చేరే వేళకు సగం తాళం వేసి ఉంటుంది.

ఫండ్ ఫోలియోను పాప పేరున కాకుండా తల్లి లేదా తండ్రి పేరున తెరవమని నా గట్టి సలహా. మైనర్ పేరున ఉన్న ఫోలియోలో 18 ఏళ్లు నిండగానే లావాదేవీలు ఆగిపోతాయి. పాపకు పాన్, కేవైసీ, బ్యాంకు ఖాతా, సంతకం ధ్రువీకరణ అన్నీ పూర్తయ్యాకే మళ్లీ తెరుచుకుంటాయి. మన పాపకు 18 ఏళ్లు నిండేది 2036లోనే, అంటే ఎంట్రన్స్ పరీక్షలు, కౌన్సెలింగ్, ఫీజు అన్నీ ఉన్న సంవత్సరంలోనే. ఇప్పటికే మైనర్ ఫోలియో ఉన్నవారు పుట్టినరోజుకు ఆరు నెలల ముందే ఈ కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

ఏటా ఆగస్టులో చేయవలసిన పని

ఏడాదికి ఒక్క రోజు, ఆగస్టులో ఒక తేదీ పెట్టుకొని, ఈ నిధికి సంబంధించిన అన్ని ఖాతాల విలువలు ఒక కాగితం మీద రాయండి. మధ్యలో వార్తలు చూసి ముట్టుకోవద్దు.

2032 ఆగస్టును తీసుకుందాం. మన జంట ఖాతాల్లో ఈక్విటీ 6.1 లక్షలు, డెట్ 6.1 లక్షలు, మొత్తం 12.2 లక్షలు ఉన్నాయి. వాటా 50 శాతం. ఉండవలసినది 35 శాతం, అంటే సుమారు 4.27 లక్షలు. కాబట్టి 1.83 లక్షల విలువైన ఈక్విటీ యూనిట్లు అమ్మి డెట్‌లోకి మార్చాలి. ఆ నెల నుంచి సిప్‌ను కూడా 35, 65 నిష్పత్తిలో విభజించాలి.

పన్ను సంగతి ఇక్కడే చూడాలి. ఒకే ఫండ్ సంస్థలో ఒక పథకం నుంచి ఇంకో పథకానికి స్విచ్ చేసినా చట్టం దృష్టిలో అది అమ్మకమే. 2024 జూలై 23 నుంచి, ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ లాభంలో ఒక ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం ఉంది. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడైనట్లు లెక్కిస్తారు. ఆరేళ్ల నాటి యూనిట్లు ఏటా 10 శాతం పెరిగి ఉంటే, 1.83 లక్షల్లో లాభం 80 వేల లోపే ఉంటుంది. ఆ ఏడాది వారికి ఈక్విటీలో వేరే లాభాలేవీ లేకపోతే పన్ను కట్టనక్కరలేదు. ఇదే మొత్తమంతా చివరి ఏడాదికి దాచి ఒకేసారి అమ్మితే ఆ మినహాయింపు ఒక్కసారే దొరుకుతుంది. కొద్దికొద్దిగా దిగడం వల్ల మార్కెట్ ప్రమాదంతో పాటు పన్ను కూడా తగ్గుతుంది. 2023 ఏప్రిల్ 1 తరువాత కొన్న డెట్ ఫండ్ల లాభం మాత్రం ఎంతకాలం ఉంచినా మీ స్లాబు ప్రకారమే పన్నుకు వస్తుంది. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి రేట్లు చూసుకోండి.

మార్కెట్ పడిన ఏడాది ఏం చేయాలన్నది అసలైన పరీక్ష. అదే 2032లో ఈక్విటీ 6.1 లక్షలకు బదులు 4 లక్షలకు తగ్గి, డెట్ 5.9 లక్షలు ఉందనుకోండి. మొత్తం 9.9 లక్షలు, అందులో 35 శాతం అంటే 3.47 లక్షలు. వాటా ఇంకా ఎక్కువగానే ఉంది కాబట్టి 53 వేలు మార్చాలి. నష్టంలో అమ్మడం ఎందుకు, కోలుకున్నాక మారుద్దాం అని మనసు అంటుంది. ఆ మాట వినకండి. కోలుకునే తేదీ మీకు తెలియదు, ఫీజు తేదీ తెలుసు. ఈక్విటీ ఇంకా పడి నిర్ణీత వాటా కన్నా తక్కువైతే అప్పుడు అమ్మే అవసరమే ఉండదు. ఆరేళ్ల కన్నా ఎక్కువ సమయం ఉంటే కొత్త సిప్‌ను ఈక్విటీ వైపు ఎక్కువగా మళ్లించి సరిచేయవచ్చు. మొదటి ఫీజుకు నాలుగేళ్లే మిగిలిన తరువాత మాత్రం డెట్‌లోని డబ్బును ఈక్విటీలోకి ఎప్పుడూ తిరిగి తీసుకువెళ్లకూడదు.

మార్కెట్ బాగా పెరిగిన ఏడాది తప్పు జరిగే అవకాశం ఇంకా ఎక్కువ. లాభం కళ్లెదుట కనిపిస్తుంటే ఈ ఒక్క ఏడాది ఆగుదామనిపిస్తుంది. మీరు వాయిదా వేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. కాగితం మీద రాసిన శాతానికి, ఖాతాలో ఉన్న శాతానికి తేడా వరుసగా రెండు ఆగస్టుల్లో పది దాటితే, మీరు ప్రణాళికను వదిలేశారని అర్థం.

లోటు కనిపిస్తే దాన్ని ఎక్కువ ఈక్విటీతో పూడ్చాలని చూడకండి. సిప్ పెంచడం, కాలేజీ స్థాయి అంచనా మార్చుకోవడం, మూడో నాలుగో ఏడాది ఫీజుకు విద్యారుణం తీసుకోవడం, ఈ మూడే దారులు. తొలి రెండేళ్ల ఫీజు చేతిలో ఉండి, చివరి రెండేళ్లకే రుణం తీసుకుంటే దాని మీద పేరుకునే వడ్డీ కూడా తక్కువ.

చివరి రెండేళ్లు

2034 ఆగస్టు నుంచి మొదటి ఫీజు డబ్బు అంతా డెట్‌లోనే ఉంటుంది. దాన్ని 2036 జూన్‌లో పరిపక్వమయ్యేలా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి. రెండో ఏడాది ఫీజు డబ్బును 2035లో డిపాజిట్‌గా మార్చి 2037 జూన్ తేదీ పెట్టండి. ఇలా నాలుగు డిపాజిట్లు నాలుగు జూన్‌లకు వరుసగా పడాలి. జూన్ అని చెప్పడానికి కారణం ఉంది. సీటు కేటాయింపు తరువాత ఫీజు కట్టడానికి కొద్ది రోజులే గడువిస్తారు, కొన్ని విశ్వవిద్యాలయాలు మే, జూన్‌లలోనే అడ్వాన్సు అడుగుతాయి. అలాంటి చోట్లు మీ జాబితాలో ఉంటే మొదటి డిపాజిట్‌ను ఏప్రిల్‌కే పెట్టుకోండి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే వర్తిస్తుంది కాబట్టి భార్యాభర్తల పేర్లకు, రెండు బ్యాంకులకు పంచడం మేలు.

ఫీజు కట్టే ఖాతాకు ఆన్‌లైన్ బదిలీ పరిమితి ఎంత ఉందో కూడా వారం ముందే చూసి పెంచుకోండి. 6 లక్షలు ఖాతాలో ఉండి, రోజువారీ పరిమితి 2 లక్షలే ఉంటే గడువు చివరి రోజున ఇబ్బంది పడతారు. మొదటి ఫీజు కట్టాక అసలు ఫీజు ఎంతో తెలిసిపోతుంది. అప్పుడు మిగతా మూడు డిపాజిట్ల మొత్తాలను ఆ అంకె ప్రకారం సరిచేసుకొని, మిగులు ఉంటే దాన్ని నాలుగో ఏడాది డిపాజిట్‌లో కలపండి. ప్రాజెక్టు, ఉద్యోగ ఇంటర్వ్యూల ప్రయాణ ఖర్చులు సాధారణంగా ఆ ఏడాదే వస్తాయి.